వారసుల ధ్రువీకరణ పత్రం: నెల్లూరు తీరంలో దాని విలువ, దాని హద్దు

మనిషి చనిపోయాక అతని కుటుంబంలో ఎవరెవరు మిగిలారో రెవెన్యూ శాఖ విచారించి రాసిచ్చే కాగితమే వారసుల ధ్రువీకరణ పత్రం. ఆంధ్రప్రదేశ్‌లో దీన్ని ఎక్కువగా కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అంటారు. జనం మాత్రం వారసుల సర్టిఫికెట్ అనే అడుగుతారు. ఇచ్చేది మండల తహసీల్దారు. బ్యాంకులో డబ్బు తీసుకోవాలన్నా, పాసుపుస్తకంలో పేరు మారాలన్నా, పడవ ప్రమాదంలో చనిపోయినవారి బీమా రావాలన్నా మొదట అడిగేది ఇదే. అందువల్ల ఇది చేతికొస్తే ఆస్తి చేతికొచ్చినట్టేనని చాలామంది అనుకుంటారు. వాస్తవానికి ఈ పత్రం చెప్పేది ఒక్కటే: ఫలానా తేదీన ఫలానా ఊరిలో విచారిస్తే, చనిపోయిన వ్యక్తికి ఈ పేర్లవాళ్లు ఈ వరసల్లో బంధువులని తేలింది. ఎవరి వాటా ఎంత, ఏ ఆస్తి ఎవరిది, వీలునామా ఉందా లేదా, జాబితాలో లేనివాళ్లు ఇంకెవరైనా ఉన్నారా అన్నవాటికి ఇందులో సమాధానం లేదు. ఆ పరిమితిలో ఉంచి వాడుకున్నంతవరకు పేదకుటుంబానికి ఇంత చవకగా, ఇంత దగ్గరలో దొరికే ఆధారం మరొకటి లేదు. పరిమితి దాటించి వాడినప్పుడే కుటుంబాలు కోర్టు మెట్లెక్కుతున్నాయి.

దరఖాస్తు ఏ తహసీల్దారుకు చేయాలన్నది తీరప్రాంతంలో కాస్త చిక్కు ప్రశ్నే. చనిపోయిన వ్యక్తి మామూలుగా నివసించిన మండలపు తహసీల్దారే దీన్ని ఇవ్వాలి. ఎందుకంటే ఆ ఊరి వీఆర్వోకే ఆ కుటుంబం గురించి విచారించే వీలుంటుంది. మరణ నమోదు మాత్రం మరణం జరిగిన చోట, లేదా శవం దొరికిన చోట జరుగుతుంది. విడవలూరు మండలపు పాలెం నుంచి వేటకు వెళ్లి మునిగినవాడి శవం అల్లూరు మండలపు ఒడ్డుకు కొట్టుకొస్తే, శవ పంచనామా, పోస్టుమార్టం, మరణ నమోదు అన్నీ అక్కడి పోలీసుల, అక్కడి పంచాయతీ పరిధిలోకి వస్తాయి. వారసుల పత్రానికి మాత్రం విడవలూరు రావాలి. రెండు మండలాల కాగితాల్లో పేరు రెండు రకాలుగా పడిందంటే చిక్కు అక్కడే మొదలవుతుంది. దీనికి తోడు 2022 ఏప్రిల్ 4న జిల్లాలను పునర్వ్యవస్థీకరించినప్పుడు సూళ్లూరుపేట, తడ వైపు పులికాట్ తీరం తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. పాత కాగితాల్లో నెల్లూరు జిల్లా అని ఉన్నంతమాత్రాన నెల్లూరు కలెక్టరేటుకు వెళ్తే పని కాదు. ఇప్పుడు ఆ మండలం ఏ డివిజన్‌లో ఉందో, ఆ ఆర్డీవో పరిధిలోనే తర్వాతి ఫిర్యాదులూ అప్పీళ్లూ నడుస్తాయి.

దరఖాస్తు గ్రామ లేదా వార్డు సచివాలయంలో గానీ మీసేవ కేంద్రంలో గానీ ఇవ్వవచ్చు. మరణ ధ్రువీకరణ పత్రం, చనిపోయిన వ్యక్తి ఆధార్, వారసులందరి ఆధార్, రైస్ కార్డు, నివాసం చూపే కాగితం, వారసుల పేర్లూ వరసలూ వయసులూ రాసిన ప్రమాణ పత్రం సాధారణంగా అడిగేవి. వివాహం మీదో పుట్టుక మీదో సందేహం వస్తే పెళ్లి నమోదు పత్రం, పిల్లల బడి సర్టిఫికెట్ వంటివి అదనంగా కావాలి. తర్వాత వీఆర్వో ఊరికి వచ్చి పొరుగువాళ్లను, పెద్దలను విచారించి పంచనామా రాస్తాడు. ఆర్‌ఐ దాన్ని సరిచూసి పంపిస్తే తహసీల్దారు సంతకం చేస్తాడు. వీటన్నిటికీ ఆధారం మరణ ధ్రువీకరణ పత్రం. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం మరణాన్ని 21 రోజుల్లోపు తెలియజేయాలి. 30 రోజులు దాటితే పై అధికారి అనుమతి కావాలి. ఏడాది దాటితే మెజిస్ట్రేటు స్థాయి ఉత్తర్వు కావాలి. 2023 సవరణ తర్వాత ఆ ఉత్తర్వు ఇచ్చే అధికారం జిల్లా మెజిస్ట్రేటు, సబ్‌డివిజనల్ మెజిస్ట్రేటు వంటి కార్యనిర్వాహక అధికారులకు వచ్చింది. ఇంటి దగ్గరే పోయిన ముసలివాళ్ల మరణాలను ఎవరూ నమోదు చేయించరు. కొడుకు పోయినప్పుడు తండ్రి మరణ పత్రం కూడా కావాలంటే అప్పుడు వెతుక్కుంటారు.

ఈ కాగితాల్లో అన్నిటికన్నా నమ్మదగినదిగా కనిపించేది, అన్నిటికన్నా తప్పుదోవ పట్టించేది రైస్ కార్డు. ఒకే పొయ్యి మీద తినేవాళ్లెవరో అది చెబుతుంది. వారసత్వ చట్టం అడిగేది రక్తసంబంధాన్ని, వివాహ సంబంధాన్ని. పెళ్లయిన కూతురి పేరు అత్తగారింటి కార్డులోకి వెళ్లిపోయి ఉంటుంది. వేరుపడిన పెద్దకొడుక్కి వేరే కార్డు ఉంటుంది. చనిపోయినవాడి తల్లి పెద్దన్న ఇంట్లో ఉంటే ఆమె పేరు ఆ కార్డులో ఉంటుంది. కార్డు చూసి జాబితా రాస్తే ఈ ముగ్గురూ జారిపోతారు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 8వ సెక్షన్ కింద మొదటి తరగతి వారసుల్లో భార్య, కొడుకులు, కూతుళ్లతో పాటు తల్లి కూడా ఉంది. తండ్రి ఆ తరగతిలో లేడు. ఊళ్లో వినిపించేది దీనికి తలకిందులు: తల్లికి ఏమీ రాదంటారు, తండ్రి బతికుంటే అంతా ఆయనదే అంటారు. పంచనామాలో సంతకం పెట్టే పెద్దలు ఆ నమ్మకంతోనే చెబుతారు. వీఆర్వో వాళ్లు చెప్పిందే రాస్తాడు. అబద్ధం ఎవరూ చెప్పకపోయినా పత్రం తప్పుగా పుట్టడానికి ఇదే ముఖ్య కారణం. పెళ్లయిన కూతురిని వదిలేయడం మాత్రం చాలాసార్లు పొరపాటు కాదు, కట్నం ఇచ్చాం కదా అన్న లెక్క.

యానాదుల విషయంలో ఇంకో మెలిక ఉంది. నెల్లూరు తీరమంతా, పులికాట్ చుట్టూ వీళ్ల సంఖ్య ఎక్కువ. జనన పత్రాలు, వివాహ నమోదులు చాలా కుటుంబాల్లో ఉండవు గనుక విచారణ పూర్తిగా నోటిమాట మీదే నడుస్తుంది. అసలు మెలిక మాత్రం కాగితాలది కాదు. హిందూ వారసత్వ చట్టం 2వ సెక్షన్ రెండో ఉపవిభాగం ప్రకారం కేంద్రం ప్రత్యేకంగా ప్రకటిస్తే తప్ప ఆ చట్టం షెడ్యూల్డు తెగలకు వర్తించదు. యానాదులు షెడ్యూల్డు తెగ. కాబట్టి వాళ్ల వారసత్వం ఆచారాన్ని బట్టి తేలాలి. తహసీల్దారు కార్యాలయపు అలవాటు జాబితా మాత్రం అందరికీ ఒకటే. గిరిజన స్త్రీల వారసత్వ హక్కు గురించి ఆలోచించమని 2022లో కమలా నేతి కేసులో సుప్రీంకోర్టు కేంద్రానికి సూచించింది. 2025లో మరో కేసులో, స్త్రీకి వాటా లేదనే ఆచారాన్ని ఎవరూ రుజువు చేయనప్పుడు సమానత్వ సూత్రం ప్రకారం గిరిజన స్త్రీ వారసులకూ వాటా ఇవ్వాలని తీర్పు చెప్పింది. ఇలాంటి ప్రశ్నను ఒక పంచనామా తేల్చగలదని అనుకోవడం పొరపాటు.

ఒక ఊహాత్మక కుటుంబాన్ని పెట్టుకుని చూస్తే ఈ పత్రం ఎక్కడ పనిచేస్తుందో, ఎక్కడ ఆగుతుందో తేటపడుతుంది. విడవలూరు మండలపు ఒక పట్టపుపాలెంలో 46 ఏళ్ల మత్స్యకారుడు వేటలో పడవ తిరగబడి చనిపోయాడు, శవం దొరికింది. హిందువు. భార్య, ఇద్దరు కొడుకులు, పెళ్లయిన కూతురు, అన్న ఇంట్లో ఉంటున్న తల్లి ఉన్నారు. వీలునామా లేదు. అతని పేరిట వాణిజ్య బ్యాంకులో మూడు లక్షల డిపాజిట్ ఉంది, నామినీ భార్య. సహకార బ్యాంకులో 60 వేలు ఉన్నాయి, నామినీ లేరు. ఒక చేపల వ్యాపారి రాసిచ్చిన రెండున్నర లక్షల ప్రామిసరీ నోటు ఉంది. తానే కొనుక్కున్న 80 సెంట్ల పట్టా భూమి, ఫైబర్ పడవ ఉన్నాయి. ఇంటి స్థలం పట్టా మాత్రం భార్య పేరిట ఉంది. ప్రభుత్వం ఇచ్చే ఇళ్ల పట్టాలు సాధారణంగా ఇల్లాలి పేరిటే ఉంటాయి గనుక అది అతని ఆస్తి కిందికే రాదు. దాన్ని పంచమని అడిగే హక్కు పిల్లలకు ఇప్పుడు లేదు. మిగిలినవాటికి అయిదుగురు సమాన వారసులు, ఒక్కొక్కరిది అయిదో వంతు. కొడుకులు రైస్ కార్డు పట్టుకుని వెళ్తే పత్రంలో ముగ్గురి పేర్లే పడే ప్రమాదం ఉంది. అయిదుగురి పేర్లూ పడ్డాయనే అనుకుందాం.

మొదట బ్యాంకు. నామినీ ఉన్న డిపాజిట్‌ను బ్యాంకు భార్యకే చెల్లిస్తుంది. వారసుల పత్రం అడగాల్సిన పనే లేదు. ఆ మూడు లక్షలూ ఆమెవేనా అంటే కాదు. బ్యాంకు నామినీ డబ్బు అందుకోవడానికి మాత్రమే అధికారం ఉన్న వ్యక్తి, వారసులకు లెక్క చెప్పాల్సిందేనని 2010లో రామ్‌చందర్ తల్వార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. జీవిత బీమా విషయంలో ఇదే సూత్రం 1984 నాటి సర్బతీ దేవి తీర్పులో ఉంది. అయితే 2015లో బీమా చట్టాన్ని సవరించాక తల్లిదండ్రులు, జీవిత భాగస్వామి, పిల్లలు నామినీలైతే బీమా సొమ్ము వాళ్లదే అవుతుంది. కాబట్టి డిపాజిట్‌లో ఒక్కొక్కరికీ 60 వేలు వస్తాయి. అదే మనిషి పేరిట ఉన్న పాలసీకి భార్య నామినీ అయితే మొత్తం ఆమెదే. ఒకే వారసుల పత్రం, ఒకే కుటుంబం, రెండు వేర్వేరు ఫలితాలు. నామినీ లేని 60 వేల దగ్గరికి వస్తే, 2025 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం సహకార బ్యాంకుల్లో అయిదు లక్షల వరకు, మిగతా బ్యాంకుల్లో 15 లక్షల వరకు సులభ పద్ధతిలో చెల్లించాలి. ఇక్కడ వారసుల పత్రం సరిగ్గా తన పని తాను చేస్తుంది. దానితో పాటు బ్యాంకు వారసుల నుంచి నష్టపూచీ బాండు, డబ్బు తీసుకోని వారసుల నుంచి అభ్యంతరం లేదన్న లేఖ తీసుకుంటుంది. ఈ బాండును గమనించాలి. తహసీల్దారు సంతకం వారసులెవరో నిర్ధారించేదే అయితే, రేపు మరో వారసుడు వస్తే మేం తిరిగి కడతామని రాయించుకోవాల్సిన అవసరం బ్యాంకుకు ఎందుకు? ఈ పత్రం తుది రుజువు కాదని అందరికన్నా బాగా తెలిసింది దాన్ని అడిగే బ్యాంకులకే.

ప్రామిసరీ నోటు దగ్గర ఈ పత్రం ఆగిపోతుంది. వ్యాపారి తనంతట తాను కట్టేస్తే గొడవ లేదు. కట్టనని మొరాయిస్తే దావా వేయాలి. చనిపోయిన వ్యక్తికి రావాల్సిన బాకీ మీద వారసులకు డిక్రీ ఇవ్వాలంటే సక్సెషన్ సర్టిఫికెట్ లేదా దానికి సమానమైన కోర్టు పత్రం ఉండాలని 1925 నాటి భారత వారసత్వ చట్టం 214వ సెక్షన్ చెబుతోంది. ఆ సర్టిఫికెట్ ఇచ్చేది తహసీల్దారు కాదు, జిల్లా కోర్టు లేదా ప్రభుత్వం ఆ అధికారం అప్పగించిన కింది సివిల్ కోర్టు. మనిషి మామూలుగా నివసించిన చోటును బట్టి పరిధి ఉంటుంది గనుక ఈ కుటుంబానికి అది నెల్లూరు జిల్లా కోర్టుల పరిధి. 372వ సెక్షన్ కింద వేసే పిటిషన్‌లో మరణించిన తేదీ, నివాసం, దగ్గరి బంధువుల పేర్లూ చిరునామాలూ, ఏ బాకీ కోసం అడుగుతున్నారో అన్నీ రాయాలి. కోర్టు అందరికీ నోటీసులు పంపి, ప్రకటన వేయించి, అభ్యంతరాలు విని ఇస్తుంది. బాకీ మొత్తాన్ని బట్టి కోర్టు రుసుము ఉంటుంది. ఇంత తతంగానికి ప్రతిఫలం 381వ సెక్షన్‌లో ఉంది: ఆ సర్టిఫికెట్ చూపినవాళ్లకు మంచి నమ్మకంతో చెల్లించినవాడికి పూర్తి రక్షణ ఉంటుంది. తర్వాత మరో వారసుడు వచ్చినా బాకీదారు రెండోసారి కట్టక్కర్లేదు. తహసీల్దారు పత్రానికి చట్టం ఈ రక్షణ ఎక్కడా ఇవ్వలేదు. రెండు సర్టిఫికెట్లకూ మధ్య అసలు తేడా ఇదే. ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ అని కాదు.

సక్సెషన్ సర్టిఫికెట్ వచ్చినా అన్నీ తీరవు. అది బాకీలకు, షేర్లు బాండ్ల వంటి సెక్యూరిటీలకే వర్తిస్తుంది. భూమికీ పడవకూ దానితో పని లేదు. పడవ చరాస్తి. మత్స్యశాఖ దగ్గర దాని రిజిస్ట్రేషన్ మారాలంటే వారసుల పత్రం, మిగతావాళ్ల సమ్మతి ఉంటే సరిపోవచ్చు గానీ, పడవ విలువలో అయిదో వంతు తనకు రాలేదని కూతురు అంటే ఆ రిజిస్ట్రేషన్ ఆమెను ఆపలేదు. ఇక భూమి. వారసుల పత్రంతో పాసుపుస్తకంలో, ఆన్‌లైన్ రికార్డులో పేర్లు మార్పించుకోవచ్చు. 1971 నాటి హక్కుల రికార్డు, పట్టాదారు పాసుపుస్తకాల చట్టం కింద జరిగే ఈ మార్పును ఊళ్లో పట్టా మారడం అంటారు, అంతటితో భూమి వచ్చినట్టే భావిస్తారు. రెవెన్యూ రికార్డులో పేరు ఎక్కడం శిస్తు వ్యవహారాల కోసమే తప్ప హక్కు పుట్టించదు, ఉన్న హక్కు పోగొట్టదు అని సుప్రీంకోర్టు 1996 నాటి సావర్ణి కేసు నుంచి 2021 నాటి జితేంద్ర సింగ్ కేసు దాకా చెబుతూనే ఉంది. ఆ 1971 చట్టంలోనే 8వ సెక్షన్, రికార్డు వల్ల నష్టపోయినవాళ్లు హక్కు ప్రకటన కోసం సివిల్ కోర్టుకు వెళ్లవచ్చని చెబుతుంది. పెద్దకొడుకు పేరు ఒక్కటే రికార్డులో ఎక్కి అతను 80 సెంట్లూ అమ్మేస్తే కొన్నవాడికి దక్కేది అతని అయిదో వంతు హక్కే. 16 సెంట్లకు మించి కొన్నానని రుజువు చేసుకోవడం ఆ కొనుగోలుదారు తలనొప్పి. కృష్ణపట్నం వైపు భూములకు ధర వచ్చిన చోట ఇలాంటి తలనొప్పులు ఊరికే తీరవు.

ఈ జాబితా ఇంకో దిక్కునుంచి కూడా దుర్వినియోగం అవుతుంది. వేట సీజనుకు ముందు వ్యాపారుల దగ్గర అడ్వాన్సు తీసుకోవడం తీరంలో మామూలే. మనిషి పోయాక అప్పిచ్చినవాడు ఈ పత్రాన్నే చూపించి, నువ్వు వారసుడివని ఇందులో రాసుంది కనుక కట్టమంటాడు. జాబితాలో పేరు ఉన్నంతమాత్రాన ఎవరూ సొంత డబ్బుతో అప్పు తీర్చాల్సిన పని లేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 50, 52 సెక్షన్ల ప్రకారం చనిపోయినవాడి ఆస్తి ఎంత చేతికొచ్చిందో అంతవరకే బాధ్యత. తండ్రి బాకీ తీర్చడం కొడుకు ధర్మమనే పాత సూత్రాన్ని ఆధారం చేసుకుని అప్పులవాళ్లు కోర్టుకెళ్లే దారిని కూడా 2005 సవరణ ఆ తర్వాతి అప్పులకు మూసేసింది. కూలీ డబ్బుతో కొడుకు కొనుక్కున్న వలకు తండ్రి అప్పుతో సంబంధం లేదు.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం వస్తుంది. ఇన్ని లోపాలున్న పత్రాన్ని ఎందుకు ఉంచాలి, వారసులెవరో మొదటి నుంచీ కోర్టే తేల్చవచ్చు కదా అని. 60 వేల డిపాజిట్ కోసం వకీలు ఫీజు, కోర్టు రుసుము, నెల్లూరుకు తిరుగుళ్లు పెడితే డిపాజిట్‌లో మిగిలేది తక్కువ. చాలా కుటుంబాల్లో వివాదమే ఉండదు. అక్కడ కావలసింది తీర్పు కాదు, ఈ కుటుంబం ఇదీ అని బయటి కార్యాలయానికి తెలియజేసే ఒక ప్రభుత్వ మాట. ఆ మాటను ఊళ్లో విచారించి చెప్పగలిగింది రెవెన్యూ శాఖే. దీనికి ఎదురుగా ఉండే అభ్యంతరం ఇంకోటుంది: అలాంటప్పుడు తహసీల్దారుకే వివాదాలు తీర్చే అధికారం ఇచ్చేయవచ్చు కదా అని. పంచనామాలో మాట్లాడినవాళ్లకు ఎవరూ అడ్డుప్రశ్నలు వేయరు, వాళ్లు ప్రమాణం మీద చెప్పరు, ఊళ్లో బలమున్న వర్గానికి ఎదురుచెప్పడానికి వాళ్లకు ధైర్యం ఉండదు. కులపెద్దల కట్టుబాటు బలంగా ఉండే పాలేల్లో ఇది మరీ నిజం. అందుకే వివాదం కనిపించగానే తహసీల్దారు ఆగి సివిల్ కోర్టుకు వెళ్లమనడం తప్పించుకోవడం కాదు, సరైన పని. అభ్యంతరం వచ్చాక కూడా ఒకవైపు జాబితా ఇచ్చేస్తే ఆ పత్రం నిలవదు. మొత్తం కుటుంబం ఒప్పుకున్నప్పుడు మాత్రం కోర్టుకు పంపడం అన్యాయం. నెల్లూరు తీరంలో ఈ రెండో తప్పు కూడా తక్కువేమీ కాదు. బీమా, పరిహారం ఇచ్చే కార్యాలయాలు చిన్న మొత్తానికి కూడా సక్సెషన్ సర్టిఫికెట్ కావాలనడం అలాంటిదే.

రెండో పెళ్లి ఉన్న కుటుంబాల్లో ఈ పత్రం పరిమితి మరీ స్పష్టంగా బయటపడుతుంది. మొదటి భార్య బతికుండగా, విడాకులు లేకుండా చేసుకున్న రెండో పెళ్లి హిందువులకు చెల్లదు. అయినా ఊళ్లో ఇరవై ఏళ్లు భార్యగా బతికిన స్త్రీ పేరు పంచనామాలో భార్యగానే పడుతుంది. ఆ మాట ఆమెకు వాటా పుట్టించదు. పిల్లల సంగతి వేరు: హిందూ వివాహ చట్టం 16వ సెక్షన్ వాళ్లను తల్లిదండ్రుల ఆస్తికి వారసులుగా గుర్తిస్తుంది, 2023లో రేవణసిద్దప్ప తీర్పు ఆ హక్కును ఇంకా విస్తరించింది. 2008 నాటి విద్యాధరి కేసులో ఉద్యోగి రెండో స్త్రీని నామినీగా పెట్టి చనిపోయాడు. సుప్రీంకోర్టు సక్సెషన్ సర్టిఫికెట్ ఆమెకే ఇచ్చింది గానీ, వచ్చిన డబ్బులో మొదటి భార్యకు అయిదో వంతు, నలుగురు పిల్లలకు తలా అయిదో వంతు ఇవ్వాలని చెప్పింది. డబ్బు తీసుకునే మనిషి ఒకరు, వాటాదారులు వేరొకరు. ఇంత సున్నితంగా విడదీయడం ఒక పేజీ జాబితా వల్ల అయ్యే పని కాదు. శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం వంటి చోట్ల పనిచేసే కేంద్ర ఉద్యోగుల కుటుంబాలకు ఇంకో తేడా కూడా ఎదురవుతుంది. కుటుంబ పింఛన్ వారసత్వ ఆస్తి కాదు. పింఛన్ నిబంధనలు భార్యకే ఇవ్వమంటే, వారసుల పత్రంలో తల్లి పేరు ఉన్నా ఆమెకు అందులో వాటా రాదు. తల్లి పేరుంది గనుక పింఛన్ ఆపేయమని కోరడం, భార్యకు పింఛన్ వస్తోంది గనుక తల్లికి డిపాజిట్‌లో వాటా లేదనడం రెండూ ఒకే పొరపాటుకు రెండు ముఖాలు.

సముద్రంలో గల్లంతైనవాళ్ల కుటుంబాలకు మాత్రం ఈ పత్రం తలుపు దగ్గరే ఆగిపోతుంది. శవం లేకపోతే మరణ నమోదు లేదు, మరణ పత్రం లేకపోతే వారసుల పత్రమూ లేదు. 2004 డిసెంబరు సునామీ వంటి విపత్తుల తర్వాత గల్లంతైనవాళ్ల మరణాలను నమోదు చేయడానికి కేంద్రం ప్రత్యేక సడలింపులు ఇచ్చింది. ఒక్క పడవ మునిగి ఒక్క మనిషి పోతే అలాంటి ఉత్తర్వు ఎవరూ ఇవ్వరు. మిగిలేది సాక్ష్య చట్టం. తన గురించి సహజంగా తెలియాల్సినవాళ్లకు ఏడేళ్లపాటు కబురు లేని వ్యక్తి చనిపోయినట్టు కోర్టు భావించవచ్చని పాత చట్టం 108వ సెక్షన్ చెప్పింది. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో అది 111వ సెక్షన్. దీన్ని అందరూ ఏడేళ్లు ఆగాల్సిందేనని చదువుతున్నారు. అందులో ఉన్నది ఒక ఊహ మాత్రమే. పడవ తిరగబడటం కళ్లారా చూసిన తోటి కలాసీలు, మెరైన్ పోలీసుల దగ్గర నమోదైన కేసు, పడవ శకలాలు ఉంటే మరణాన్ని ఏడేళ్లకు ముందే సివిల్ కోర్టులో రుజువు చేయవచ్చు. రుజువు చేయడం మేలు కూడా. ఎందుకంటే ఏడేళ్ల ఊహ మనిషి చనిపోయాడని చెబుతుంది గానీ ఎప్పుడు చనిపోయాడో చెప్పదు. 2004లో ఎల్ఐసీ వర్సెస్ అనూరాధ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతే తేల్చింది: గల్లంతైన రోజే చనిపోయాడని అనుకోవడానికి వీల్లేదు, ఫలానా తేదీన చనిపోయాడనేవాళ్లే దాన్ని రుజువు చేయాలి, మధ్యకాలంలో ప్రీమియం కట్టకపోతే పాలసీ రద్దయిపోతుంది. మత్స్యకారుల ప్రమాద బీమాలో మరణానికి ఇచ్చే అయిదు లక్షలు కూడా బీమా కాలంలో, ప్రమాదం వల్ల మరణం జరిగిందని చూపితేనే వస్తాయి. తేదీ తేలకపోతే ఆ దారీ ఇరుకవుతుంది. వేటకు వెళ్లి తిరిగిరానివాళ్ల ఇంట్లో అందుకే మొదట కావలసింది దరఖాస్తు ఫారం కాదు, పడవలో ఉన్నవాళ్ల వాంగ్మూలాలు వెంటనే కేసులో నమోదు కావడం. ఏడేళ్ల తర్వాత ఆ కలాసీలు ఏ రేవులో ఉంటారో ఎవరికీ తెలియదు.

పత్రం తప్పుగా వచ్చిందని తెలిసినప్పుడు ఏం చేయాలన్నది దాని స్వభావం నుంచే వస్తుంది. పేరులో అక్షరం, వయసు, ఇంటిపేరు తేడా అయితే ఆధార్, బడి రికార్డు చూపి తహసీల్దారు దగ్గరే సరిచేయించుకోవచ్చు. పట్టపు కుటుంబాల్లో పిలిచే పేరు ఒకటి, కార్డు మీద పేరు ఇంకొకటి కావడం చాలా మామూలు గనుక మరణ నమోదుకు ముందే ఆధార్ మీద ఉన్న పేరు రాయించుకుంటే ఈ దశే రాదు. వారసుడి పేరే జారిపోతే, జాబితాలో ఉన్నవాళ్ల సమ్మతితో కొత్త విచారణ కోరవచ్చు. సమ్మతి లేకపోతే పై రెవెన్యూ అధికారికి అప్పీలు చేయాలి, అంతకుముందే ఆ పత్రం చూపి డబ్బు అడుగుతున్న ప్రతి బ్యాంకుకూ, కార్యాలయానికీ రాతపూర్వకంగా అభ్యంతరం పంపాలి. సమయానికి అందిన ఒక్క ఉత్తరం చెల్లింపును ఆపుతుంది. చెల్లింపు జరిగిపోతే మాత్రం పత్రాన్ని రద్దు చేయించినా డబ్బు దానంతట అది వెనక్కి రాదు. తీసుకున్నవాళ్ల మీద తన వాటా కోసం సివిల్ దావా వేయాలి. ఆ దావాలో తహసీల్దారు పత్రం ఒక సాక్ష్యంగా ముందుకొస్తుంది. దాన్ని ఖండించడానికి కూతురు తన బడి సర్టిఫికెట్‌లో తండ్రి పేరు, తల్లి సాక్ష్యం, పాత రేషన్ కార్డులో చిన్నప్పటి తన పేరు చూపించవచ్చు.